ఎండలో తల వాల్చని ప్రింటు

పడమటి గోడకు బిగించిన కెమెరా బ్రాకెట్ మే నెలలో ఏదో ఒక సాయంత్రానికి ముందుకు వాలిపోతుంది. గేటు వైపు ఉండాల్సిన కెమెరా నేలను చూస్తుంటుంది. దగ్గరికెళ్లి చూస్తే బ్రాకెట్ ఎక్కడా విరగలేదు, పగులు లేదు, స్క్రూలూ ఊడలేదు. చెయ్యి మాత్రం మెల్లగా వంగి, వంగినచోటే గట్టిపడిపోయి ఉంటుంది. త్రీడీ ప్రింటర్ కొత్తగా కొన్నవాళ్లు దాన్ని చూసి బలం చాలలేదనుకుంటారు. మందం పెంచి, లోపల ఇన్‌ఫిల్ పెంచి, అదే ఫిలమెంటుతో మళ్లీ ప్రింట్ చేస్తారు. అది మరో వారం ఎక్కువ నిలబడి, తర్వాత అదీ వాలిపోతుంది.

ఈ బ్రాకెట్‌నే పట్టుకుని కాస్త లోతుకు వెళ్దాం. ఆరుబయట వాడే ప్రింటు వస్తువులకు ఏ ప్లాస్టిక్ తీసుకోవాలన్న ప్రశ్న మొత్తం ఇందులోనే ఉంది.

ఇళ్లలో, చిన్న షాపుల్లో వాడే త్రీడీ ప్రింటర్ పని సూటిగానే ఉంటుంది. 1.75 మిల్లీమీటర్ల లావున్న ప్లాస్టిక్ తీగ స్పూల్‌కు చుట్టి ఉంటుంది. ఆ తీగనే ఫిలమెంట్ అంటారు. వేడి నాజిల్ దాన్ని కరిగించి, సన్నటి దారంలా ఒక పొర మీద మరో పొర పేర్చుకుంటూ వస్తువును కడుతుంది. ప్రింటర్‌తో పాటు వచ్చే మొదటి స్పూల్ దాదాపు ఎప్పుడూ పీఎల్ఏనే. మొక్కజొన్న పిండి, చెరకు లాంటి వాటి నుంచి తీసిన లాక్టిక్ ఆమ్లంతో దీన్ని తయారుచేస్తారు. 200 డిగ్రీలు దాటగానే చక్కగా పారుతుంది, చల్లారేటప్పుడు పెద్దగా కుంచించుకుపోదు, అంచులు పైకి లేవవు, ఘాటు వాసన ఉండదు. కొత్తవాళ్లకు ఇంతకంటే సులువైన ఫిలమెంట్ లేదు. బొమ్మలకు, పెన్ను స్టాండుకు, ఇంట్లో వాడే కొక్కేలకు ఈరోజుకీ నేను సూచించేది పీఎల్ఏనే.

పైగా అది బలహీనమైనదేమీ కాదు. మన బ్రాకెట్ లెక్కే చూడండి. కెమెరా బరువు 400 గ్రాములు అనుకుందాం. గోడ నుంచి కెమెరా దాకా చెయ్యి పొడవు 12 సెంటీమీటర్లు. చెయ్యి వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందం 8 మిల్లీమీటర్లు. ఈ కొలతలతో గోడ దగ్గర, అంటే ఎక్కువ ఒత్తిడి పడేచోట, ప్లాస్టిక్ మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 22 కిలోల లాగుడు పడుతుంది. పీఎల్ఏ గది వేడిమిలో దాదాపు 500 కిలోల దాకా ఓర్చుకుంటుంది. ఇరవై రెట్లకు పైగా మిగులు బలం ఉందన్నమాట. పొరల మధ్య అతుకు సగమే బలంగా ఉందనుకున్నా పది రెట్లు మిగులుతుంది. గట్టిదనంలో కూడా పీఎల్ఏది పీఈటీజీ కంటే పైచేయి. ఇంత బలమున్న బ్రాకెట్ అరకిలో కూడా లేని కెమెరాకు లొంగిపోయిందంటే, కాగితం మీద రాసుకున్న ఆ బలం ఆ మధ్యాహ్నం దానిలో లేదని అర్థం.

ఎందుకు లేదో చెప్పుకోవాలంటే వేడి సంగతికి రావాలి. ప్రతి ప్లాస్టిక్‌కూ కరిగే వేడిమి ఒకటి ఉంటే, దానికి ఎంతో ముందే మెత్తబడే వేడిమి మరొకటి ఉంటుంది. లక్కను చూసినవాళ్లకు ఇది తెలిసిందే. చల్లగా ఉన్నప్పుడు పెళుసుగా గట్టిగా ఉండే లక్క కొద్దిగా కాక తగిలితే చాలు, కరగకుండానే నొక్కినచోట నొక్కుకుపోతుంది. పీఎల్ఏకు ఆ గీత 55 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంది. ఆ గీత దాటితే దాని గట్టిదనం ఒక్కసారిగా పడిపోతుంది. గీతకు పది డిగ్రీల ఇవతల ఉన్నప్పుడు కూడా, బరువు వేలాడుతూనే ఉంటే గంటల తరబడి మెల్లమెల్లగా సాగుతుంది. సాగిన వస్తువు సాయంత్రం చల్లబడ్డాక వెనక్కి రాదు. మర్నాడు మధ్యాహ్నం ఆగినచోటి నుంచే మళ్లీ సాగడం మొదలుపెడుతుంది.

వేసవిలో రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీలు నమోదైనా, పీఎల్ఏ గీత 55 కదా, ఇంకా పది డిగ్రీల దూరం ఉంది కదా అనిపిస్తుంది. చాలామంది పొరపడేది సరిగ్గా ఇక్కడే. వాతావరణ శాఖ చెప్పే 45 డిగ్రీలు నీడలో ఉన్న గాలి వేడిమి. నేరుగా ఎండ పడే వస్తువు వేడిమి వేరు. నలుపు, ముదురు బూడిద రంగు వస్తువులు గాలి ఆడని చోట ఎండలో ఉంటే చుట్టూ ఉన్న గాలి కంటే 20, 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కడం మామూలే. 42 డిగ్రీల రోజున నల్ల బ్రాకెట్ 65 డిగ్రీల పైకి చేరుతుంది. దానికి తోడు మధ్యాహ్నమంతా కాగిన పడమటి గోడ వెనక నుంచి వేడిని పంపుతూనే ఉంటుంది. తెలుపు రంగు వేస్తే పది పదిహేను డిగ్రీలు తగ్గవచ్చు. మన వేసవిలో ఆ తగ్గింపు పీఎల్ఏను గీత అంచున నిలబెడుతుందే తప్ప కాపాడదు.

అందుకే ఇతర దేశాలవాళ్ల అనుభవాన్ని ఉన్నదున్నట్టు తీసుకోకూడదని గట్టిగా చెబుతాను. ఇంగ్లండ్‌లోనో ఉత్తర ఐరోపాలోనో తోటలో పెట్టిన పీఎల్ఏ కుండీ మూడేళ్లయినా చెక్కుచెదరలేదని ఎవరైనా అంటే అది నిజమే అయ్యుంటుంది. అక్కడి వేసవి పీఎల్ఏ గీత దాకా రాదు. అదే కుండీని ఖమ్మంలో డాబా మీద పెడితే అసలు పరీక్ష మొదటి వేసవిలోనే అయిపోతుంది. వానకు పీఎల్ఏ కరిగిపోతుందన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. అది మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ అన్నది సగం నిజమే. అలా విరిగిపోవాలంటే పెద్ద కంపోస్టు కేంద్రాల్లో ఉండే 60 డిగ్రీల దాపు వేడి, తేమ వారాల తరబడి అందాలి. నాలుగు వానలకు దానికేమీ కాదు. మన దగ్గర దాన్ని ఓడించేది ఎండే.

ఎండలో వేడి ఒక పాలు. రెండో పాలు అతినీలలోహిత కిరణాలు, వాడుకలో యూవీ. వేడి చేసే నష్టం ఒక్క మధ్యాహ్నంలో కనబడితే, యూవీ చేసేది నెలలు, ఏళ్ల మీద తేలుతుంది. ప్లాస్టిక్ అంటే పొడవాటి అణువుల గొలుసులు. యూవీ కాంతికి ఆ గొలుసుల లింకులను తెంచేంత శక్తి ఉంది. తెగినచోట గాలిలోని ఆక్సిజన్ చేరి, పక్క లింకులను కూడా బలహీనపరుస్తుంది. గొలుసులు పొట్టివైపోయేకొద్దీ ప్లాస్టిక్ సాగే గుణం పోయి పెళుసవుతుంది. ఇదంతా పైపొరలోనే, మిల్లీమీటరులో కొద్ది భాగంలోనే జరుగుతుంది. కాంతి అంతకంటే లోపలికి పెద్దగా దూరలేదు. అందుకే 5 మిల్లీమీటర్ల మందమున్న క్లాంపు ఏళ్లు నిలిచిన చోట, ఒక మిల్లీమీటరు మందమున్న క్లిప్పు పుటుక్కున విరుగుతుంది. పైపొర పెళుసైతే అందులో వెంట్రుకంత పగుళ్లు పుడతాయి. బరువు పడినప్పుడు ఆ పగుళ్లే లోపలికి పాకుతాయి.

నష్టం ఏ పాలు వల్ల వచ్చిందో కంటితోనే పోల్చుకోవచ్చు. వస్తువు వంగి, వాలి, స్క్రూ కింద నొక్కుకుపోయి వదులైతే అది వేడి. మెరుపు తగ్గి, రంగు వెలిసి, వేలితో రుద్దితే సుద్దలా పొడి అంటి, వంచితే వంగకుండా టక్కున విరిగితే అది యూవీ. పీఎల్ఏ రెండింటికీ లొంగుతుంది. అయితే మన ఎండలో వేడే ముందు వచ్చి దాని పని ముగిస్తుంది కాబట్టి, యూవీ వంతు వచ్చేదాకా అది తరచూ నిలవదు.

ఇప్పుడు పీఈటీజీ. నీళ్ల సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్‌కు ఇది దగ్గరి బంధువు. దాని గొలుసులో మరో రకం గ్లైకాల్‌ను చేర్చి, చల్లారేటప్పుడు స్ఫటికంలా గడ్డకట్టకుండా చేస్తారు. అందువల్ల ప్రింటింగ్‌కు అనువుగా తయారైంది. దీని మెత్తబడే గీత 80 డిగ్రీల దగ్గర ఉంది. పీఎల్ఏతో పోలిస్తే 20 డిగ్రీల పైచిలుకు తేడా. మన బ్రాకెట్ 65కు చేరిన మధ్యాహ్నం కూడా పీఈటీజీ నిలబడుతుంది. ఇంకో మంచి గుణం, ఇది విరిగేముందు కొంత సాగుతుంది. గాలికి ఊగే వస్తువుకు, నిచ్చెన తగిలే చోట ఉండే వస్తువుకు ఆ సాగుడు చాలా మేలు చేస్తుంది. యూవీ ముందు మాత్రం పీఈటీజీకి పూర్తి రక్షణ లేదు. కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, పైపొర పెళుసవుతుంది. అయితే ఆ పని నెమ్మదిగా సాగుతుంది. మందంగా చేసి, లేత రంగు వాడి, పైన బయటి గోడలకు వాడే యాక్రిలిక్ పెయింట్ ఒకటి రెండు పూతలు వేస్తే దాని ఆయుష్షు ఇంకా పెరుగుతుంది. పెయింట్ పట్టాలంటే ముందు సన్నటి ఎమరీ కాగితంతో గరుకు చేయాలి.

అయితే పీఈటీజీకీ హద్దుంది. బరువు మోస్తున్నప్పుడు 70 డిగ్రీల నుంచే అది సడలడం మొదలవుతుంది. రేకుల కప్పు మీద ఆనుకుని ఉండే వస్తువు, సోలార్ ప్యానెల్ అడుగున బిగించే క్లిప్పు, ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీది ఫోన్ హోల్డర్ ఆ వేడిని చేరుకోగలవు. వాటికి పీఈటీజీ వాడటం నాకు నచ్చదు. అక్కడ కావలసింది ఏఎస్ఏ.

ఏఎస్ఏ కథ తెలిస్తే దాని గొప్పతనం ఎక్కడుందో అర్థమవుతుంది. దానికంటే ముందు ఏబీఎస్ ఉంది. గట్టిది, దెబ్బకు ఓర్చేది, లెగో ఇటుకలు చేసేది దానితోనే. ఆ దెబ్బకు ఓర్చే గుణం దానిలో కలిసిన బ్యూటడీన్ రబ్బరు నుంచి వస్తుంది. ఈ రబ్బరు అణువుల్లో జంట బంధాలు ఉంటాయి. ఎండకు, గాలికి ముందుగా లొంగేవి ఆ జంట బంధాలే. అందుకే ఏబీఎస్‌ను ఆరుబయట వదిలితే పసుపెక్కి పెళుసవుతుంది. మిగతా కూర్పును దాదాపు అలాగే ఉంచి, ఆ ఒక్క రబ్బరును తీసేసి జంట బంధాలు లేని యాక్రిలేట్ రబ్బరును పెడితే వచ్చిందే ఏఎస్ఏ. జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ సంస్థ 1970 ప్రాంతంలో లురాన్ ఎస్ అనే పేరుతో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. కార్ల బయటి అద్దాల తొడుగులు, గ్రిల్లుల లాంటి రోజంతా ఎండలో ఉండే భాగాలకు పరిశ్రమ దీన్ని ఎంచుకుంది. మెత్తబడే గీత 100 డిగ్రీల దగ్గర. అంటే వేడికీ, యూవీకీ రెండింటికీ ఒకేసారి జవాబు చెప్పగలిగేది ఈ మూడింటిలో ఇదొక్కటే.

మరి అందరూ ఏఎస్ఏనే ఎందుకు వాడరు? ప్రింట్ చేయడం కష్టం కాబట్టి. నాజిల్ 240 నుంచి 260 డిగ్రీలు, బెడ్ 90 నుంచి 110 డిగ్రీలు కావాలి. చల్లారేటప్పుడు ఎక్కువ కుంచించుకుపోతుంది. కింది పొరలు చల్లబడి బిగుసుకుంటుంటే పైన వేడి పొరలు పడుతుంటాయి. ఆ గుంజులాటలో మూలలు బెడ్ మీద నుంచి పైకి లేస్తాయి, లేదా పొడవాటి వస్తువు మధ్యలో పొరల మధ్యనే చీలుతుంది. మన ఇళ్లలో దీనికి ముఖ్య కారణం నెత్తిమీద తిరిగే సీలింగ్ ఫ్యాన్. ఏఎస్ఏకు ప్రింటర్ చుట్టూ మూసిన పెట్టె ఉండాలి. లోపలి గాలి 40 డిగ్రీలకు తక్కువ కాకుండా చూడాలి. ప్రింట్ అయిపోయాక తలుపు వెంటనే తీయకుండా లోపలే చల్లారనివ్వాలి. వస్తువును చల్లార్చే ఫ్యాన్‌ను పూర్తిగా ఆపేయాలి, లేదా చాలా తక్కువలో ఉంచాలి. ఇంకో మాట. కరిగేటప్పుడు దీని నుంచి స్టైరీన్ ఆవిరి వస్తుంది. పడకగదిలో, పిల్లలు చదువుకునే గదిలో ఏఎస్ఏ ప్రింట్ చేయకండి. కిటికీ ఉన్న, మనుషులు కూర్చోని గది చూసుకోండి. మూసిన పెట్టె, గాలి పోయే దారి రెండూ లేనివాళ్లు పీఈటీజీతో ఆగిపోవడమే మంచిది.

తిరిగి మన బ్రాకెట్‌కు వద్దాం. విజయవాడలో ఒక ఇంటి పడమటి గోడకు, పైన సన్‌షేడ్ లేని చోట బిగించాలి. బరువు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. ఈ రెండు సంగతులూ కలిసినప్పుడు నా ఎంపిక లేత బూడిద లేదా తెలుపు ఏఎస్ఏ. అదే బ్రాకెట్ తూర్పు వైపు పోర్టికో నీడలో ఉంటే, ఉదయపు ఎండ తప్ప మరేమీ పడదు కాబట్టి లేత రంగు పీఈటీజీ చాలు. నల్ల రంగు గురించి ఒక చిక్కు ఉంది. నలుపుకు వాడే కార్బన్ పొడి యూవీని బాగా అడ్డుకుంటుంది, కానీ వస్తువును వేడెక్కిస్తుంది. ఏఎస్ఏకు వేడి విషయంలో ఖాళీ బాగా ఉంది కాబట్టి నలుపు వేసినా ఫరవాలేదు. పీఈటీజీకి అంత ఖాళీ లేదు, లేత రంగే మేలు.

బ్రాకెట్‌ను బెడ్ మీద నిలబెట్టి ప్రింట్ చేస్తే పొరలు చేతికి అడ్డంగా పడతాయి. బరువు లాగేది సరిగ్గా అతుకులనే. అందుకని ఎల్ ఆకారం కనబడేలా పక్కకు పడుకోబెట్టాలి. అప్పుడు దారాలు గోడ నుంచి కెమెరా దాకా పొడవునా సాగుతాయి. స్లైసర్‌లో ఇన్‌ఫిల్ పెంచే బదులు బయటి గోడల వరసలు నాలుగు లేదా అయిదు పెట్టుకోవాలి. వంపు భారాన్ని మోసేది అంచుల్లో ఉన్న ప్లాస్టికే. యూవీ తినేసే పైపొర పోయినా లోపల మంచి ప్లాస్టిక్ మిగిలేది కూడా ఆ వరసల వల్లే. ఇన్‌ఫిల్ 30, 40 శాతం సరిపోతుంది. చెయ్యి గోడ పలకను కలిసే లోపలి మూలను పదునుగా వదిలేయకుండా 5 మిల్లీమీటర్ల గుండ్రని వంపు ఇవ్వాలి. పగుళ్లు ఎప్పుడూ పదును మూలలోనే పుడతాయి. ఏఎస్ఏ అయితే కింద 8 మిల్లీమీటర్ల బ్రిమ్ పెడితే మూలలు లేవకుండా పట్టుకుంటుంది.

స్క్రూ తల కింద వెడల్పాటి స్టీల్ వాషర్ తప్పక వేయాలి. ఏ ప్లాస్టిక్ అయినా స్క్రూ నొక్కుడుకు కాలక్రమంలో కొంత దిగుతుంది. వాషర్ ఆ నొక్కుడును ఎక్కువ చోటుకు పంచుతుంది. మామూలు ఇనుప స్క్రూలు వాడితే ఒక్క వానాకాలంలో తుప్పు కారి తెల్ల బ్రాకెట్ మీద చారలు కడుతుంది కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీల్‌వి తీసుకోండి. మొదటి వేసవి గడిచాక ఒకసారి స్క్రూలు బిగించి చూసుకోవాలి.

పీఈటీజీ వాడేవాళ్లకు తేమ సంగతి చెప్పాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో, వానాకాలంలో అయితే ఎక్కడైనా, బయట పెట్టిన స్పూల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ నాజిల్‌లో ఆవిరై చిటపటమంటుంది, వస్తువు మీద సాలెగూడు దారాలు వేలాడతాయి, పొరల అతుకు దెబ్బతింటుంది. చిటపట వినగానే ప్రింట్ ఆపి, స్పూల్‌ను 65 డిగ్రీల దగ్గర ఓ ఆరు గంటలు ఫిలమెంట్ డ్రయ్యర్‌లో ఆరబెట్టాలి. ఏఎస్ఏకు 80 డిగ్రీలు కావాలి. ఇంకొకటి, పీఈటీజీ నున్నటి గాజు బెడ్‌కు ఎంత గట్టిగా అంటుకుంటుందంటే, తీసేటప్పుడు గాజు పెచ్చులు లేచి వస్తాయి. దానికి ముందే గాజు మీద గ్లూ స్టిక్ పలచగా రుద్దుకుంటే, చల్లారాక వస్తువు తేలిగ్గా ఊడివస్తుంది.

లేబుల్ ఊడిన స్పూల్ మిగిలితే ఏది ఏదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రెండు మిల్లీమీటర్ల మందం, బొటనవేలి వెడల్పు, చేయి పొడవున్న పట్టీ ఒకటి ప్రింట్ చేసి, దాని కొసను గిన్నెలోని వేడినీళ్లలో రెండు నిమిషాలు ముంచి ఉంచండి. వంటింటి థర్మామీటర్‌తో నీళ్లు 65 డిగ్రీలు చూపినప్పుడు పట్టీ పటకారుతో సులువుగా వంగితే అది పీఎల్ఏ. 65లో గట్టిగా ఉండి 85 దాటాక వంగితే పీఈటీజీ. సలసల మరిగే నీళ్ల దాకా మొండిగా నిలిచి, అక్కడ కాస్త సడలితే ఏఎస్ఏ కానీ ఏబీఎస్ కానీ. అసిటోన్ చుక్క వేసి వేలితో తాకితే ఏఎస్ఏ, ఏబీఎస్ రెండూ జిగురుగా అంటుతాయి. ఆ రెండింటి మధ్య తేడా చెప్పగలిగేది ఎండ మాత్రమే, కాబట్టి లేబుల్ లేని అలాంటి స్పూల్‌ను ఆరుబయట పనికి వాడకండి. ఈ పరీక్షకు పటకారు వాడండి, అసిటోన్‌ను మాత్రం స్టవ్ దరిదాపుల్లోకి రానివ్వకండి.

బ్రాకెట్‌తో పాటే అదే స్పూల్ నుంచి అలాంటి పట్టీలు మరో అయిదారు ప్రింట్ చేసుకోమని నా సలహా. ఒకటి సొరుగులో చీకట్లో ఉంచి, మిగతావి కెమెరా పక్కనే, ఎండ తగిలేలా గోడకు కట్టేయండి. ప్రతి వేసవి చివర ఒక పట్టీ తెచ్చి, సొరుగులోని దానితో పక్కపక్కనే పెట్టి చూడండి. రంగు తేడా అంతగా పట్టించుకోవక్కర్లేదు, వెలిసిన ప్లాస్టిక్ కూడా పని చేస్తూనే ఉంటుంది. కళ్లకు అద్దాలు పెట్టుకుని దాన్ని మెల్లగా వంచండి. వంగి, వంపు దగ్గర తెల్లబడితే ఇంకా జీవం ఉంది. వంగకుండా టక్కుమని రెండు ముక్కలైతే బ్రాకెట్‌కు కూడా పైపొర అదే దశకు వచ్చిందని అర్థం. మందం ఎక్కువ కాబట్టి అది ఆరోజే పడిపోదు. అయినా కెమెరా కింద మనుషులు తిరిగే చోటైతే, వచ్చే ఎండాకాలం లోపు కొత్తది ప్రింట్ చేసి మార్చేయాలి.